సవరణలో స్కోరేదీ? స్పోర్ట్స్ డెస్కుకు ఒక స్కోరర్ బహిరంగ లేఖ

స్పోర్ట్స్ డెస్కులో పనిచేసేవాళ్లందరికీ, ఎడిటర్ గారికీ నమస్కారం.

గురువారం మీ పత్రికలో ఒక సవరణ వేశారు. మీకు గుర్తుందో లేదో, అందుకే మొత్తం ఇక్కడ దించుతున్నా. "సవరణ: సోమవారం సంచికలో ప్రచురితమైన క్రికెట్ వార్తలో స్కోరు పొరపాటుగా వచ్చింది. పాఠకులు గమనించగలరు. ఇందుకు చింతిస్తున్నాం." అంతే, ఇంకేం లేదు. ఏ మ్యాచ్ అన్నది లేదు, ఏ జట్టు స్కోరన్నది లేదు, సరైన స్కోరు ఎంతన్నది అసలే లేదు. సోమవారం మీ స్పోర్ట్స్ పేజీలో క్రికెట్ వార్తలు నాలుగున్నాయి, వాటిలో దేన్ని అనుమానించాలో మీరే చెప్పాలి.

నేను ఆ మ్యాచ్‌కి స్కోరర్‌ని. జూనియర్ లీగుల్లో 14 ఏళ్లుగా స్కోరు రాస్తున్నా. మీరు తప్పుగా వేసిన స్కోరు నా షీటులోంచి వెళ్లిందే, కాకపోతే నా షీటులో అది సరిగ్గానే ఉంది. తప్పు వేశారని గొడవ పెట్టుకోవడానికి రాయట్లేదు ఈ ఉత్తరం. రాత్రిపూట ఇద్దరే కూర్చుని మూడు పేజీలు కట్టే డెస్కులో అంకెలు అటూ ఇటూ అవుతాయి, నాకు తెలుసు. దాన్ని దిద్దిన తీరు గురించే నా బాధంతా.

ముందు ఏం జరిగిందో చెప్తా, ఎందుకంటే మీ సవరణ చదివినవాళ్లకి అది తెలిసే అవకాశం లేదు. అమ్మాయిల జూనియర్ టి20 లీగ్ మ్యాచ్. మొదట బ్యాటింగ్ చేసిన జట్టు 20 ఓవర్లలో 7 వికెట్లకు 164 చేసింది. రెండో జట్టు 19 ఓవర్లకి 8 వికెట్లకు 152 మీద ఉంది, ఆఖరి ఓవర్లో 13 కావాలి. ఆ ఓవర్ వేసింది పదిహేనేళ్ల పిల్ల. నాలుగంటే నాలుగు పరుగులిచ్చి ఒక వికెట్ తీసింది. 9 వికెట్లకు 156 దగ్గర ఆగిపోయారు, మొదటి జట్టు 8 పరుగుల తేడాతో గెలిచింది. ఆఖరి బంతి పడ్డాక రెండో స్కోరరూ నేనూ మొత్తాలు సరిచూసుకున్నాం, అంపైర్లు చూసి సంతకం పెట్టారు, సాయంత్రం షీటు ఫొటో తీసి మీ రిపోర్టర్‌కి పంపించా.

సోమవారం పొద్దున పేపర్లో మొదటి జట్టు స్కోరు 146 అయింది. 164లో ఆరూ నాలుగూ చోట్లు మారాయి. అక్కడితో ఆగినా బాగుండేది. 146 కన్నా 156 పెద్దది కాబట్టి గెలిచింది రెండో జట్టేనని డెస్కులో ఎవరో అనుకున్నారు, హెడ్డింగులో ఆ జట్టుని గెలిపించేశారు, "10 పరుగుల తేడాతో విజయం" అని వార్తలో కూడా దిద్దేశారు. ఇది నా ఊహ కాదు, నేను ఫోన్ చేసినప్పుడు మీ డెస్కులో మాట్లాడినతనే ఒప్పుకున్నాడు. రిపోర్టర్ పంపిన కాపీలో గెలిచిన జట్టు సరిగ్గానే ఉందట, స్కోరుతో పొసగట్లేదని మార్చేశారట. పొసగనప్పుడు రిపోర్టర్‌కి ఒక్క ఫోన్ కొట్టాల్సింది.

ఇక్కడ చిన్న పక్కదారి, కానీ ఈ పని చేసేవాళ్లకి పనికొస్తుంది. ఆ వార్త తప్పని తెలుసుకోవడానికి నా షీటు అక్కర్లేదు, మ్యాచ్ చూసి ఉండక్కర్లేదు, మీరు అచ్చేసిన ముక్కలోనే సాక్ష్యం మొత్తం ఉంది. రెండో ఇన్నింగ్స్‌లో బ్యాటింగ్ చేసిన జట్టు పరుగుల తేడాతో ఎలా గెలుస్తుంది? ఛేజ్ చేసి గెలిస్తే వికెట్ల తేడా చెప్తాం. పైగా టార్గెట్ 147 అయితే 147 చేరిన క్షణంలో ఆట అయిపోతుంది, మహా అయితే సిక్సర్‌తో ముగించి 152 దగ్గర ఆగుతారు, 156 దాకా ఆడనిచ్చేదెవరు?

ఇంకా దగ్గరికెళ్తే, కింద మీరే వేసిన స్కోరు కార్డులో మొదటి జట్టు బ్యాటర్ల పరుగులు వరసగా 41, 22, 38, 9, 17, 12, 6, 3, 4. కూడితే 152. ఎక్స్‌ట్రాలు 12. రెండూ కలిపితే 164. అంటే మొత్తం స్కోరు 146 అని వేసిన చోటే, దాని కిందే, బ్యాటర్లు కొట్టినవే 152 అని ఉంది. బౌలింగ్ వైపు నుంచి చూసినా అంతే. ఐదుగురు బౌలర్లు నాలుగేసి ఓవర్లు వేసి 31, 28, 40, 33, 28 ఇచ్చారు, అది 160. వైడ్లు, నోబాల్స్ బౌలర్ ఖాతాలోకే వెళ్తాయి, బైలు, లెగ్‌బైలు వెళ్లవు. ఆ 12 ఎక్స్‌ట్రాల్లో బై ఒకటి, లెగ్‌బైలు మూడు, ఆ నాలుగూ కలిపితే మళ్లీ 164. మేం స్కోరర్లం ప్రతి ఇన్నింగ్స్ అయ్యాక చేసే పని ఇదే, రెండు వైపుల నుంచి కూడి ఒకే అంకె వస్తేనే పెన్ను కింద పెడతాం. క్యాలిక్యులేటర్ ఉంటే ఒక్క నిమిషం పని.

సరే, జరిగిపోయింది. సోమవారం పొద్దున ఎనిమిదింటికే మీ డెస్కుకి ఫోన్ చేశా. ఎవరూ ఎత్తలేదు, అది మీరు నిద్రపోయే టైమ్ కాబట్టి తప్పుపట్టను. మధ్యాహ్నం రెండున్నరకి దొరికారు. "చూస్తాం సార్" అన్నారు. మంగళవారం పేపర్లో సవరణ లేదు సరికదా, లీగ్ పాయింట్ల పట్టిక వేశారు, అదీ సోమవారం నాటి తప్పు ఫలితంతో లెక్కేసి. గెలిచిన జట్టుకి రావాల్సిన రెండు పాయింట్లు ఓడిన జట్టుకి వెళ్లాయి. నెట్ రన్‌రేట్ కూడా దొర్లిపోయింది. ఈ ఒక్క మ్యాచ్ వరకు లెక్కేస్తే ఓవర్‌కి 8.2 చేసి 7.8 ఇచ్చారు కాబట్టి గెలిచిన జట్టుకి ప్లస్ 0.4 రావాలి. మీ 146తో అది 7.3 అయి మైనస్ 0.5కి పడిపోయింది. ఒక తప్పు మొదటి రోజు ఒక వార్తలోనే ఉంటుంది, దిద్దకుండా వదిలేస్తే రెండో రోజుకి పట్టికలోకి పాకుతుంది, వచ్చే మ్యాచ్ ముందు రాసే వార్తలో "గత మ్యాచ్‌లో ఓడిన" అని తోకలా వచ్చి తగులుతుంది. అందుకే తొందరగా దిద్దమని మొత్తుకున్నా.

మంగళవారం సాయంత్రం స్కోరు బుక్కు ఇద్దామని గ్రౌండుకెళ్తే నెట్స్ దగ్గర ఆ ఆఖరి ఓవర్ వేసిన అమ్మాయి కనపడింది. "సార్, మనం గెలిచాం కదా?" అంది. గెలిచాం కాదమ్మా, మీరు గెలిచారు, నేను రెండు జట్ల వాణ్ణీ అని నవ్వబోయా కానీ ఆ పిల్ల నవ్వలేదు. వాళ్ల తాతయ్య ఆమె ఆడిన మ్యాచ్‌ల వార్తలు కత్తిరించి నోట్‌బుక్కులో అంటిస్తాడట. సోమవారం పేపర్ తీసి చూసి, "ఓడిపోయి గెలిచామని ఎందుకు చెప్పావే" అన్నాడట. స్కోరు బుక్కు తెరిచి ఆఖరి ఓవర్ గడి చూపించా. చుక్క, ఒకటి, చుక్క, వికెట్, రెండు, ఒకటి. ఆమె ఫొటో తీసుకుంది. పేపర్లో కూడా దిద్దుతారులే అని నేనే చెప్పి పంపించా, నోరు జారి.

తర్వాత గురువారం మీ సవరణ వచ్చింది. ఆ తాతయ్య చేతిలో పెట్టి చూడండి దాన్ని. ఆయనకి ఏం అర్థమవుతుంది? స్కోరులో ఏదో తేడా జరిగిందట, బహుశా ఇంకా ఎక్కువ తేడాతో ఓడారేమో అనుకుంటాడు. గెలుపోటములు తారుమారయ్యాయని అందులో ఒక్క అక్షరం లేదు కదా.

మాటల గురించి మాట్లాడుకుందాం. "స్కోరు పొరపాటుగా వచ్చింది" అన్నారు. వచ్చిందా? తనంతట తను నడిచొచ్చిందా? వర్షం వచ్చినట్టు, జలుబు వచ్చినట్టు? మన భాషలో ఇది చాలా హాయైన సదుపాయం, చేసినవాడు కనపడకుండా పని జరిగిపోతుంది. కప్పు పగిలింది, పాలు పొంగాయి, స్కోరు తప్పుగా వచ్చింది. "తప్పుగా రాశాం" అనొచ్చు, అక్షరాలు కూడా తక్కువే పడతాయి. "పాఠకులు గమనించగలరు" దగ్గర నేను నిజంగా ఆగిపోయా. ఏం గమనించాలి? గమనించడానికి అక్కడ ఏమైనా పెడితే కదా. టెండరు ప్రకటనల్లోంచి ఎత్తుకొచ్చిన వాక్యం అది, అలవాటుగా వచ్చి కూర్చుంటుంది. "చింతిస్తున్నాం" మాటతో నాకు పేచీ లేదు, ఉంచండి. కానీ ఆ మూడు వాక్యాల్లో సమాచారం సున్నా, చింత మాత్రం ఉంది. నాకు చింత లేకపోయినా ఫర్వాలేదు, స్కోరు కావాలి.

ఎలా రాసి ఉండాల్సిందో నేనే రాసి చూపిస్తా, బాగోకపోతే మీరు దిద్దుకోండి.

"సవరణ: సోమవారం ఇదే పేజీలో ఇచ్చిన అమ్మాయిల జూనియర్ టి20 లీగ్ వార్తలో మ్యాచ్ ఫలితాన్ని తప్పుగా రాశాం. మొదట బ్యాటింగ్ చేసిన జట్టు 7 వికెట్లకు 164 పరుగులు చేసి, 8 పరుగుల తేడాతో గెలిచింది. ఆ స్కోరును 146 అని వేసి, ఆ జట్టు ఓడినట్టు హెడ్డింగ్ పెట్టాం. ప్రత్యర్థి జట్టు స్కోరు 9 వికెట్లకు 156 అన్నది సరైనదే. మంగళవారం ఇచ్చిన పాయింట్ల పట్టిక కూడా ఈ తప్పు వల్ల మారిపోయింది. సరైన పట్టిక కింద ఇస్తున్నాం. తప్పు మా డెస్కులో జరిగింది, రిపోర్టర్, స్కోరర్ పంపిన వివరాలు సరిగ్గానే ఉన్నాయి. ఇరు జట్లకూ, పాఠకులకూ క్షమాపణలు."

మీరు జట్ల పేర్లు పెట్టి రాస్తారు, నేను ఇక్కడ పిల్లల జట్లని వీధిలోకి లాగడం ఇష్టం లేక పేర్లు తీసేశా. ఎంత చోటు పట్టింది? సింగిల్ కాలమ్‌లో అరచేతి పొడవు. మీరు ఆ రోజు అంతకన్నా ఎక్కువ చోటు ఒక విదేశీ ఆటగాడి కొత్త హెయిర్ కట్‌కి ఇచ్చారు.

ఇందులో ఒక్కో ముక్క ఎందుకుందో చెప్తా. సరైన స్కోరు ముందు, తప్పు స్కోరు తర్వాత, అదీ ఒక్కసారే. కొందరు ఎడిటర్లు సవరణలో తప్పుని మళ్లీ రాయొద్దంటారు, రాస్తే జనానికి అదే గుర్తుంటుందని. ఒక మనిషి మీద పడిన నింద విషయంలో అది నిజమే, ఫలానావాడు దొంగ కాదు అని రాస్తే దొంగ అన్న మాటే తలలో మిగులుతుంది. స్కోరు సంగతి అలా కాదు. 164, 146 పక్కపక్కన కనపడితేనే ఏ అంకె ఎలా తారుమారైందో పాఠకుడికి తెలుస్తుంది, తన దగ్గరున్న కత్తిరింపులో దేన్ని కొట్టేయాలో తెలుస్తుంది. తప్పు చెప్పకుండా ఒప్పు ఒక్కటే వేస్తే రెండు వేర్వేరు మ్యాచ్‌లనుకునేవాళ్లు కూడా ఉంటారు. అలాగే ఏది తప్పు కాదో కూడా చెప్పాలి. "స్కోరు తప్పు" అని గుండుగుత్తగా అంటే సరిగ్గా ఉన్న 156 మీద కూడా అనుమానం పడుతుంది.

తప్పు ఎక్కడ జరిగిందో చెప్పాలా వద్దా అన్నదాని మీద మీ వాళ్లలోనే రెండు అభిప్రాయాలున్నాయని తెలుసు. ఎవరు చేశారో పాఠకుడికి అనవసరం, పత్రిక మొత్తం బాధ్యత అంటారు. నేనూ వ్యక్తి పేరు అడగట్లేదు, ఎవరి ఉద్యోగం మీదకీ రావట్లేదు. కానీ ఆ వార్త మీద రిపోర్టర్ పేరుంది. కుర్రాడు సరిగ్గానే పంపాడు, సోమవారం రోజంతా గెలిచిన జట్టు కోచ్ నుంచి తిట్లు తిన్నాడు. నిర్వాహకులు నాకు ఫోన్ చేసి "షీటు సరిగ్గా పంపావా" అని అడిగారు. స్కోరర్‌కి ఉన్న ఆస్తి ఆ ఒక్క నమ్మకమే. న్యూయార్క్ టైమ్స్ సవరణల్లో "ఎడిటింగ్‌లో జరిగిన పొరపాటు వల్ల" అనే మాట తరచూ కనపడుతుంది. ఆ ఒక్క మాటతో పైన పేరున్న రిపోర్టర్ బయటపడతాడు, లోపల ఎవరు చేశారన్నది లోపలే ఉంటుంది. మీరూ అంతే చేయొచ్చు.

ఇక చోటు. నేను అసలు ఆ సవరణ చూసిందే అనుకోకుండా. పదకొండో పేజీలో, కింద, కుడివైపు మూల, పేరు మార్పు ప్రకటనలకి పైన. తప్పు వేసింది స్పోర్ట్స్ పేజీలో, నాలుగు కాలమ్‌ల హెడ్డింగుతో. దిద్దింది పేరు మార్చుకునేవాళ్ల దగ్గర. ఆటలు చదివేవాళ్లలో సగం మంది పేపర్ తెరవగానే స్పోర్ట్స్ పేజీకే వెళ్తారు, మధ్య పేజీలు ముట్టుకోరు, వాళ్ల కంట ఇది పడే దారే లేదు. ప్రెస్ కౌన్సిల్ పాటించమనే నియమాల్లోనే ఉంది కదా, తప్పు తేలితే వెంటనే, తగిన ప్రాధాన్యంతో సవరణ వేయాలని, పెద్ద తప్పయితే క్షమాపణో విచారమో చెప్పాలని. తగిన ప్రాధాన్యం అంటే ఎంత అని ఎవరూ స్కేలు పెట్టి కొలిచి చెప్పలేదు, అక్కడే అందరికీ వెసులుబాటు దొరుకుతోంది.

కొన్ని పత్రికలు సవరణలకి ఒక స్థిరమైన చోటు పెట్టుకున్నాయి. బ్రిటన్‌లో గార్డియన్ 1997 నుంచి సవరణలు, వివరణల కాలమ్ నడుపుతోంది, ది హిందూ 2006లో పాఠకుల ఫిర్యాదులు చూసే రీడర్స్ ఎడిటర్‌ని పెట్టుకుని ఆ పని ఆయనకి అప్పగించింది. ఆ పద్ధతిలో సవరణ తప్పు జరిగిన పేజీలో ఉండకపోయినా నష్టం లేదు, ఎక్కడ వెతకాలో పాఠకుడికి అలవాటై ఉంటుంది కాబట్టి. మీకు అలాంటి చోటేదీ లేదు. ఒకసారి ఐదో పేజీ, ఒకసారి పదకొండు, ఖాళీ ఎక్కడ మిగిలితే అక్కడ. స్థిరమైన చోటు లేనప్పుడు మిగిలింది ఒకటే దారి, తప్పు ఏ పేజీలో వేశారో ఆ పేజీలోనే దిద్దడం. హెడ్డింగులో తప్పుంటే సవరణకీ ఒక చిన్న హెడ్డింగ్ ఉండాలి. నాలుగు కాలమ్‌లు అడగట్లేదు, మొదటి పేజీ అసలే అడగట్లేదు. స్పోర్ట్స్ పేజీలో మడతకి పైన, సింగిల్ కాలమ్, "ఆ మ్యాచ్‌లో గెలిచింది మొదటి జట్టే" అన్నట్టు ఒక లైను పైన, అది చాలు.

అన్ని తప్పులకీ ఇంత హడావుడి కావాలని నేనూ అనను. ఒక బ్యాటర్ 22 కొడితే 23 అని వేస్తే కింద రెండు లైన్ల సవరణ సరిపోతుంది, ఎక్కడ వేసినా ఎవరూ కొట్టుకోరు. మీరు వేసుకోవాల్సిన ప్రశ్న నా దృష్టిలో ఒక్కటే: ఈ తప్పు వల్ల ఫలితం మారిందా? గెలిచినవాళ్లు ఓడిపోయారా, ఓడినవాళ్లు గెలిచారా, పట్టిక మారిందా? మారితే అది అంకె తప్పు కాదు, వార్తే తప్పు. అప్పుడు సవరణ కూడా వార్తంత కాకపోయినా వార్తలాగే కనపడాలి.

వెబ్‌సైట్‌లో చేసిన పని ఇంకో రకం. సోమవారం మధ్యాహ్నం నేను ఫోన్ చేసిన గంటకే అక్కడ హెడ్డింగ్ మారిపోయింది, స్కోరు 164 అయింది. సంతోషం, తొందరగా చేశారు. కానీ మార్చినట్టు ఒక్క మాట లేదు. పొద్దున చదివి వాట్సాప్‌లో పంపినవాడి స్క్రీన్ షాట్‌లో 146 ఉంది, మధ్యాహ్నం తెరిచినవాడికి 164 కనపడుతోంది, ఇద్దరూ గ్రూపులో "నువ్వు ఫొటోషాప్ చేశావు" అని ఒకళ్లనొకళ్లు తిట్టుకున్నారు, ఆ గ్రూపులో నేనూ ఉన్నా. లింకులో పాత హెడ్డింగ్ మాటలు ఇంకా అలాగే ఉన్నాయి, ఓడిన జట్టు పేరు, పక్కన గెలుపు. గుట్టుగా దిద్దితే తప్పు పోయినట్టు ఉంటుంది కానీ అది పోయేది మీ పేజీలోనే, జనం ఫోన్లలో కాదు. పైన, వార్త మొదలయ్యే ముందే, ఒక లైను పెడితే సరిపోయేది: ఫలానా రోజు, ఫలానా టైముకి ఈ వార్తలో ఫలితాన్ని సరిదిద్దాం, ముందు తప్పుగా 146 అని ఇచ్చాం. చిన్న తప్పయితే ఆ లైను చివర్లో పెట్టినా ఫర్వాలేదు, ఫలితం మారినప్పుడు పైనే ఉండాలి, ఎందుకంటే చివరిదాకా చదివేది ఎంతమంది? ఇక ఈ-పేపర్‌లో సోమవారం పేజీ ఎలా ఉందో అలాగే ఉంటుంది, అచ్చయినదానికి నకలు కాబట్టి దాన్ని ముట్టుకోకూడదు కూడా. అందుకే తర్వాతి రోజు పేజీలో వేసే సవరణ పూర్తిగా ఉండాలి. నాలుగేళ్ల తర్వాత ఈ లీగ్ రికార్డులు వెతికేవాడికి సోమవారం పేజీ దొరికి, గురువారం పేజీ కూడా దొరికినా, మీ మూడు వాక్యాల నుంచి వాడికి 164 మాత్రం దొరకదు.

మా దగ్గర తప్పులు జరగవా అంటే, ఎందుకు జరగవు. రెండేళ్ల కిందట ఒక లెగ్‌బైని బ్యాటర్ ఖాతాలో వేశా. మూడు ఓవర్ల తర్వాత పక్క స్కోరర్‌తో సరిచూసుకుంటుంటే ఎక్స్‌ట్రాల్లో ఒకటి తేడా వచ్చింది. క్రికెట్ చట్టాలే ఇద్దరు స్కోరర్లుండాలని, తరచూ ఒకరి లెక్క ఒకరు పోల్చుకోవాలని చెప్తున్నాయి, అంటే ఒకడు రాస్తే తప్పు జరుగుతుందని ఆ చట్టం రాసినవాళ్లకి ముందే తెలుసు. అప్పుడు నేనేం చేశానంటే, తప్పు అంకె మీద ఒక్క గీత గీశా, కింద ఉన్నది చదవడానికి వీలుగా. పక్కన సరైనది రాసి పొడి సంతకం పెట్టా. రబ్బరు వాడలేదు, వైట్నర్ పూయలేదు. నేను పని నేర్చుకున్నప్పుడు మా పెద్దాయన మొదటి రోజే చెప్పాడు, చెరిపేసిన గడి ఉన్న పుస్తకాన్ని ఎవరూ నమ్మరురా, కొట్టేసిన గడి ఉన్నదాన్ని నమ్ముతారు అని. మీ వెబ్‌సైట్‌లో జరిగింది వైట్నర్. పేపర్లో జరిగింది గీత గీసి పక్కన ఏమీ రాయకపోవడం.

మీ ఇబ్బందులు ఊహించగలను. సవరణ వేయాలంటే పైనుంచి అనుమతి కావాలని, సంతకాలు తిరిగి వచ్చేసరికి మూడు రోజులు పట్టిందని మీ డెస్కతను చెప్పాడు. ఒక మ్యాచ్ స్కోరుకి మూడు రోజుల అనుమతి ఎందుకో నాకు అర్థం కాలేదు. సంతకం చేసిన స్కోరు షీటు ఫొటో మీ దగ్గరే ఉంది, వాదన లేదు, విచారణ లేదు. ఇలాంటివి ఆ రాత్రి డ్యూటీలో ఉన్న స్పోర్ట్స్ ఇన్‌చార్జే వేసేలా ఎడిటర్ గారు ఒక్క మాట చెప్తే మంగళవారమే అయిపోయేది, తప్పు పట్టిక కూడా అచ్చయ్యేది కాదు. పరువు సంగతులు, కోర్టు సంగతులు ఉన్న సవరణలకి మీ పెద్దల అనుమతి ఉంచుకోండి, 164కి ఎందుకు?

ఇప్పుడు నేను అడిగేది. గురువారం వేసినదాన్ని సవరణ కింద లెక్కపెట్టకుండా ఇంకోసారి వేయండి, స్పోర్ట్స్ పేజీలో, రెండు స్కోర్లతో, గెలిచిన జట్టు పేరుతో, సరైన పట్టికతో. సవరణకి సవరణ వేయడం నామోషీ అనుకోకండి. వెబ్‌లో ఆ వార్త పైన ఒక లైను పెట్టండి. శుక్రవారం దాకా చూశా, రాలేదు, అందుకే ఇలా అందరి ముందూ రాస్తున్నా. శనివారం వేసినా ఆలస్యం కాదు, ఆదివారం మళ్లీ అదే జట్టు మ్యాచ్ ఉంది, దాని ముందు వార్తలో "గత మ్యాచ్‌లో ఓడిన" అని మీ వాళ్లు రాయకుండా ఉంటారు.

ఆదివారం కూడా స్కోరు రాసేది నేనే. షీటు ఫొటో సాయంత్రం ఏడులోపు మీ రిపోర్టర్‌కీ, డెస్కు నంబర్‌కీ రెండింటికీ పంపిస్తా. ఈసారి మొత్తాలు బ్యాంకు చెక్కు మీద రాసినట్టు అంకెల్లోనూ, అక్షరాల్లోనూ రాస్తా. నూట అరవై నాలుగు అని రాసి ఉంటే నూట నలభై ఆరు అని కొట్టడం కొంచెం కష్టం. ఫలితం లైను కూడా నేనే రాసి పెడతా, ఎవరు గెలిచారు, ఎంత తేడాతో. దానికీ స్కోరుకీ పొసగట్లేదనిపిస్తే ఫోన్ చేయండి, పదకొండింటికైనా ఎత్తుతా.

ఇట్లు,
ఆ మ్యాచ్ స్కోరర్